నంబరు పడని ఉత్తరం

మా ఆఫీసులో ఉత్తరానికి ప్రాణం వచ్చేది రాసినప్పుడు కాదు, నేను నంబరు వేసినప్పుడు. ఎర్ర అట్ట ఇన్‌వర్డ్ రిజిస్టరులో తేదీ, ఎవరు రాశారు, దేని గురించి అని మూడు గడులు నింపి, ఉత్తరం మూల గుండ్రటి ముద్ర కొట్టి, ముద్రలో ఆ నంబరు రాస్తాను. అప్పటిదాకా అది ఉత్తరం కాదు, కాగితం. పదహారేళ్ళుగా ఇదే పని. మధ్యాహ్నం నా డబ్బా తెరిచి జొన్న భాకరీ తినేటప్పుడు కూడా వేళ్ళకి ముద్ర సిరా వాసనే.

ఉద్‌గీర్‌లో మాది ఫార్మసీ డిప్లొమా కాలేజీ. సంస్థ వాళ్ళది, అంటే ప్రైవేటు. నా ఉద్యోగం పదకొండు నెలలది. ప్రతి జూన్‌లో ఆఫీసు సూపరింటెండెంటు నిటూరే సాహెబ్ సంతకం పెడితే ఇంకో పదకొండు నెలలు. ఇది సంజాయిషీగా చెప్పడం లేదు. అయినా ముందే చెప్పుకోవడం చూస్తే మీకు అర్థమయ్యే ఉంటుంది.

ధోండిబా గుట్టే మొదటిసారి నా టేబులు దగ్గరికి వచ్చింది జనవరి అమావాస్య నాడు. మార్కెట్ యార్డులో హమాలీ. అమావాస్యకి యార్డు మూత, కాబట్టి అతనికి ఆఫీసు పనులకి నెలలో దొరికేది ఆ ఒక్కరోజే. ఉతికిన తెల్ల ధోవతి, టోపీ, చంకలో ప్లాస్టిక్ సంచి. వెనక రెండో ఏడాది చదువుతున్న అతని కూతురు ఊర్మిళ నిలబడింది. ఆ పిల్ల నాకు తెలుసు. ప్రాక్టికల్ రికార్డు ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తుందని మేడమ్‌లు చెప్పుకునేవారు.

"తాయి, ఇది తీసుకుని నకలు మీద ముద్ర కొట్టివ్వండి" అన్నాడు ధోండిబా. మా ఊళ్ళో అక్కని తాయి అంటారు.

"దేని గురించి దాదా?"

"రసీదు గురించి. అందులో పదివేలు తక్కువ పడింది."

"కౌంటరులో అడగలేకపోయారా?"

"అడిగాను మేడమ్" అంది ఊర్మిళ. "కౌంటరు వదిలాక ఏమీ వినబోమని బోర్డు చూపించారు. రాసివ్వమన్నారు."

ఉత్తరం మరాఠీలో, గీతల కాగితం మీద, కూతురి చేత రాయించకుండా తనే రాసుకొచ్చాడు. చాలాసార్లు చదివాను కాబట్టి దాదాపు మొత్తం చెప్పగలను.

'మాన్యులు ప్రిన్సిపాల్ సాహెబ్ గారికి, నమస్కారం. నా కూతురు ఊర్మిళ రెండో సంవత్సరం. ఫీజు కట్టే ఆఖరి రోజు నేను మీ కౌంటరులో యాభై రెండు వేల రూపాయలు కట్టాను. అన్నీ అయిదువందల నోట్లు, ఒక కట్ట, విడిగా నాలుగు. మిషన్ మీద నూట నాలుగు అని వచ్చింది, నేను చూశాను. రసీదు ఇంగ్లిషులో ఉండటం వల్ల అప్పుడు చదవలేదు, అది నా పొరపాటు. ఇంట్లో ఫైలులో పెట్టేటప్పుడు అమ్మాయి చూసి, నలభై రెండు వేలే ఉందని చెప్పింది. మీ వాళ్ళు దొంగతనం చేశారని నేను అనడం లేదు. నేను నింపిన చీటీ మీ దగ్గర ఉంటుంది. అందులో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశాను. దయచేసి తీసి చూడండి. రసీదు సరిచేసి ఇవ్వండి. అమ్మాయి పరీక్షకి అడ్డు రాకూడదు, అంతే నా మనవి. మీ విధేయుడు.'

చదివి ముద్ర చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే నిటూరే సాహెబ్ తన గది తలుపు దగ్గర నిలబడి, "మాలా బాయి, ఒక్క నిమిషం" అన్నాడు.

లోపలికి వెళితే తలుపు దగ్గరికి వేశాడు. పెద్దగా అరిచే మనిషి కాదు. గొంతు పెంచకుండానే పని చేయించుకుంటాడు.

"వచ్చేనెల తనిఖీ కమిటీ వస్తోంది. ముందు అడిగేది మీ రిజిస్టరే. ఫిర్యాదులెన్ని, పరిష్కారాలెన్ని అంటారు. ఫిర్యాదు అన్న మాట అందులో కనబడకూడదు. కమిటీ వెళ్ళేదాకా అలాంటివి పక్కన పెట్టండి."

"ఇది ఫిర్యాదు కాదు సర్. చీటీ చూడమంటున్నాడు, అంతే."

"చూద్దాం. చూడనని ఎవరన్నారు? నంబరు మాత్రం ఇప్పుడు వద్దు."

నేను బయటికొచ్చి ధోండిబాతో, "ఉత్తరం తీసుకుంటున్నాను దాదా, ముద్ర తర్వాత వేస్తాం, సాహెబ్ చూడాలి" అన్నాను.

"సరే తాయి. మీరు చదివారుగా. అది చాలు" అన్నాడు. నేను చదివితే పని అయిపోయినట్టే అనుకున్నాడు. ఊర్మిళ మాత్రం నా చేతిలో పొడిగా ఉన్న ముద్ర వంక చూసింది. ఉత్తరాన్ని కింది సొరుగులో పెట్టాను. అందులో అలాంటివి అప్పటికే ఆరేడు ఉన్నాయి.

మర్నాడు భోజనాల వేళ క్యాషియర్ బిరాదార్ దగ్గర కూచుని ఆ ఫీజు ఆఖరి రోజు చీటీల కట్ట విప్పించాను. బిరాదార్ మంచివాడే. నాన్న రైల్వే ఉద్యోగం వల్ల హైదరాబాదులో ఇంగ్లిషు చదువు చదివి, నిరుడే ఈ ఊరు వచ్చాడు. మాట్లాడే మరాఠీ బాగానే ఉంటుంది, చదవడంలో మాత్రం తడబడతాడు.

నూట ఎనభై చీటీలు. గుట్టేది దొరికింది. అంకెల గడిలో మా మరాఠీ లిపి అంకెలే వేశాడు, మార్కెట్‌లో బస్తాల మీద రాసేవాళ్ళు అలాగే వేస్తారు. మా అయిదు చేత్తో గబగబా రాస్తే, తెలియని వాడికి అచ్చం ఇంగ్లిషు నాలుగే. కింద అక్షరాల గడిలో మాత్రం స్పష్టంగా 'బావన్న హజార్ ఫక్త్' అని ఉంది. యాభై రెండు వేలు మాత్రమే. ఇంకెవరికీ ఏ అనుమానమూ రాకూడదన్నట్టు కింద గీత కూడా గీశాడు.

బిరాదార్ చీటీ లాక్కుని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"నోట్లు ముందు లెక్కపెట్టి సొరుగులో పడేశాను మాలా తాయి. బయట వంద మంది. తర్వాత చీటీ చూసి అంకె కొట్టేశాను. అక్షరాలు చదవలేదు. సాయంత్రం లెక్కలో పదివేలు ఎక్కువ వచ్చింది. ఎవరిదో తెలియలేదు. అకౌంటెంటు ఎవరిదో తేలేదాకా అనామతు ఖాతాలో వెయ్యమన్నాడు, వేశాను. నేను తినలేదు."

"తిన్నావని ఎవరన్నారు? డబ్బు అనామతులో ఉంది, మనిషి దొరికాడు. రసీదు రద్దు చేసి కొత్తది ఇచ్చెయ్."

"రద్దు చెయ్యాలంటే నిటూరే సాహెబ్ సంతకం కావాలి. కొత్త రసీదుకి ఆధారంగా ఉత్తరం ఇన్‌వర్డ్ నంబరు రాయాలి. నంబరెంత?"

అంత తేలిక పని అది. నంబరు ఒక్కటి ఉంటే, పావుగంట.

ఇద్దరం సాహెబ్ దగ్గరికి చీటీ తీసుకెళ్ళాం. చూశాడు. అక్షరాల మీద వేలు పెట్టి చదివాడు కూడా. "అవును, నిజమే, అతనిదే" అన్నాడు. "కమిటీ వెళ్ళాక చేద్దాం. డబ్బు ఎక్కడికీ పోదు." ఆ మాట నేను నమ్మాను. నమ్మడం హాయిగా ఉంటుంది కూడా.

ఫిబ్రవరి అమావాస్యకి ధోండిబా ఒక్కడే వచ్చాడు. చీటీ దొరికిందని చెప్పాను. మొహం వెలిగిపోయింది.

"బావన్న అని చదివారా తాయి? మా బడిలో పంతులు అంకె పక్కన అక్షరం రాయకపోతే వేళ్ళ మీద కొట్టేవాడు. ఇప్పుడు పనికొచ్చింది చూడండి."

"పనికొస్తుంది దాదా. కమిటీ ఒక్కటి వెళ్ళిపోనీ."

వారం తర్వాత కమిటీ వచ్చింది. ముగ్గురు. పెళ్ళివాళ్ళకి చేసినట్టు మర్యాదలు. నా రిజిస్టరు తిరగేసి, ఫిర్యాదులు లేవా అని అడిగారు. లేవన్నాను. ఒకాయన మెచ్చుకున్నాడు, "ఇంత శుభ్రమైన రాత ఈమధ్య చూడలేదమ్మా" అని. సాహెబ్ ఆ సాయంత్రం అందరికీ పేడాలు పంచాడు. నేనూ తిన్నాను.

మర్నాడు గుర్తు చేస్తే, "మార్చి తలనొప్పి మొదలైంది. ఏడాది లెక్కలు ముగియనీ" అన్నాడు. మార్చి అమావాస్యకి ధోండిబా వచ్చేసరికి నేను టేబులు దగ్గర లేను. టీ తాగడానికి వెళ్ళాననుకునేలా చేసి, వెనక గదిలో పాత ఫైళ్ళ మధ్య నిలబడ్డాను. అతను నా ఖాళీ కుర్చీ ఎదురుగా గంట కూచుని, మా ప్యూన్‌తో నమస్కారం చెప్పమని వెళ్ళాడట. ఆ గంటా నా కాళ్ళు లాగేశాయి. అక్కడి పాత స్టూలు మీద కూచుంటే కిర్రుమంటుందని కూచోలేదు.

అసలు సంగతి ముప్పై ఒకటో తారీకున జరిగింది. అకౌంటెంటు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. అనామతులో ఎవరివో తేలకుండా పడివున్న మొత్తాలన్నీ ఏరి సంస్థ ఇతర ఆదాయంలో కలపమని పైనుంచి ఆదేశమట. కలపాలంటే ఆడిటర్‌కి ఒక ధ్రువపత్రం కావాలి. 'పై మొత్తాలను కోరుతూ ఆఫీసు రిజిస్టరు ప్రకారం ఎవరి వద్దనుంచీ ఎలాంటి అర్జీ అందలేదు.' కింద ఇన్‌వర్డ్ క్లర్కు సంతకం. జాబితాలో మూడో వరుస జనవరి తేదీ, పదివేలు, ఎవరివో తెలియదు.

కాగితం పట్టుకుని సాహెబ్ గదిలోకి వెళ్ళాను.

"సర్, మూడోది గుట్టేది. మీరే చూశారు కదా."

"చూశాను. రిజిస్టరులో ఉందా?"

"మీరు వద్దన్నారు."

"నేను నోటితో అన్నాను మాలా బాయి. రిజిస్టరు మీ చేతిలో ఉంది. ఇప్పుడు అర్జీ ఉందని రాస్తే, జనవరిలో వచ్చిన ఉత్తరానికి నంబరెందుకు లేదని మొదట అడిగేది ఎవరిని?" కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కాగితం ఏం చెబుతోంది? రిజిస్టరు ప్రకారం అందలేదు అంటోంది. అది అబద్ధమా? కాదు. జూన్‌లో మీ ఫైలు నా దగ్గరికే వస్తుంది. పేచీ పెట్టుకోవద్దు."

నిజానికి ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. రిజిస్టరు ప్రకారం ఏమీ అందలేదు. నా సొరుగు ప్రకారం అందింది, నా కళ్ళ ప్రకారం అందింది. వాటి ప్రకారం ఏమిటని ఎవరూ అడగలేదు. సంతకం పెట్టాను. ఎవరో చెయ్యి పట్టుకుని పెట్టించారని చెప్పను. కలం నాదే, చెయ్యీ నాదే.

ఏప్రిల్ మూడో వారంలో హాల్‌టికెట్లు వచ్చాయి. బాకీ ఉన్నవాళ్ళవి పక్కకి తీసి రబ్బరు బ్యాండు వేశారు. ఊర్మిళది అందులోనే ఉంది, కంప్యూటరులో ఆమె పేరు ఎదురుగా పదివేలు ఎర్రగా మెరుస్తోంది మరి. పరీక్ష అక్కడికి పదో రోజున. ఈ పరీక్ష పోతే ఏడాది పోయినట్టే. పైగా పాసయితే తీసుకుంటానని లాతూర్‌లో ఒక మందుల షాపు యజమాని మాటిచ్చి ఉంచాడు. నెలకి పన్నెండు వేలు. ఆ ఇంట్లో అందరి కళ్ళూ ఆ పన్నెండు వేల మీదే.

ఆసారి ధోండిబా అమావాస్య దాకా ఆగలేదు. యార్డు నుంచి నేరుగా, సోయాబీను దుమ్ము భుజాల మీద ఉండగానే కూతుర్ని తీసుకుని వచ్చాడు. నేను దాక్కోలేదు. దాక్కోవడానికి కూడా మొహం ఉండాలి.

"తాయి, చీటీ దొరికిందన్నారు. మరి ఇదేమిటి?"

ఏం చెప్పను? సాహెబ్ గదిలోకి తీసుకెళ్ళాను. సాహెబ్ అతన్ని కుర్చీలో కూచోబెట్టాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"ధోండిబా, నీ మాట నేను కాదనను. కానీ మార్చితో పుస్తకం మూసేశారు. మూసిన పుస్తకం తెరవడం నా వల్ల కాదు, ప్రిన్సిపాల్ వల్ల కాదు, సంస్థ మీటింగు కూచోవాలి, ఆడిటర్ ఒప్పుకోవాలి. దసరా దాటుతుంది. పిల్ల పరీక్ష దసరా దాకా ఆగదు కదా?"

"చీటీ ఉంది కదా సాహెబ్. నా రాత ఉంది."

"ఉంది. కోర్టుకి వెళితే పనికొస్తుంది. వెళ్ళు, నేను ఆపను. ఈ ఏడాది మాత్రం పోతుంది."

ఊర్మిళ ఒక్కసారిగా, "మా బాబా జనవరిలోనే రాసిచ్చారు. ఈ మేడమ్‌కే ఇచ్చారు. అడగండి" అంది.

గదిలో ముగ్గురూ నా వంక చూశారు. బిరాదార్ మాత్రం తలుపు దగ్గర నిలబడి కింద టైల్స్ చూస్తున్నాడు. నేను అప్పుడు ఒక్క మాట అనివుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. బహుశా ఏమీ అయ్యేది కాదు, నా ఉద్యోగం తప్ప. అయినా అనాల్సింది. అనలేదు.

"రిజిస్టరులో లేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "ఓహో" అంది, అంతే.

సాహెబ్ గొంతు ఇంకా మెత్తబడింది. "ఒక దారి ఉంది. మిగిలిన పదివేలు కట్టు. ఆలస్య రుసుము వెయ్యి రూపాయలు అవుతుంది, అది నేను మాఫీ చేయిస్తాను, నా తరఫున. ఒక చిన్న అర్జీ రాసివ్వు, హాల్‌టికెట్ ఇవాళే చేతిలో పెడతాను."

ధోండిబా టోపీ పెట్టుకుని లేచి, "రేపు వస్తాను" అన్నాడు. మర్నాడు వచ్చాడు. యార్డులో వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడట. దీపావళి దాకా అతని గోదాములోనే మొయ్యాలి, రేటు అతను చెప్పినంత. ఈ సంగతి అతను నాతో చెప్పలేదు. బిరాదార్ నోట్లు లెక్కపెడుతుంటే ఊర్మిళ చెప్పింది, బిరాదార్‌కే, నాకు వినబడేలా. బిరాదార్ ఈసారి నోట్లు మూడుసార్లు లెక్కపెట్టాడు. అంకె గట్టిగా చదివి వినిపించి రసీదు కొట్టాడు. పదివేలు, అక్షరాలా పదివేలు. ఒక్క పైసా తేడా లేని రసీదు.

అర్జీ రాయించే పని సాహెబ్ నాకు అప్పగించాడు. ధోండిబా ఉదయం నుంచి బస్తాలు మోసి వచ్చాడు, వేళ్ళు కలం చుట్టూ ముడుచుకోవడం లేదు. "నువ్వు రాయి తల్లీ" అన్నాడు కూతురితో. ఊర్మిళ నా టేబులుకి ఎదురుగా కూచుంది. నేను చెబుతుంటే రాయడం మొదలుపెట్టింది.

"మాన్యులు ప్రిన్సిపాల్ గారికి. ఇంటి ఇబ్బందుల వల్ల జనవరిలో నేను నలభై రెండు వేలు మాత్రమే కట్టగలిగాను."

కలం ఆగింది.

"బాబా, ఇది నేను రాయను."

"రాయి."

"నువ్వు బావన్న కట్టావు. నేను నీ పక్కనే ఉన్నాను. మిషన్ మీద నేనూ చూశాను."

"చూశావు, నేనూ చూశాను. ఏం చేద్దాం చెప్పు? ఇద్దరం చూసుకుంటూ ఇంట్లో కూచుందామా?" ధోండిబాకి కోపం రాగా నేను చూడటం అదే మొదలు, అది కూడా కూతురి మీద. వెంటనే చల్లబడ్డాడు. "రాయమ్మా. తప్పు నాదని రాస్తే పోయేదేముంది? నాకేం పరీక్షలున్నాయా?"

ఊర్మిళ రాసింది. కన్నీళ్ళు రాలేదు, అక్షరం వంకర పోలేదు. రికార్డు రాసినట్టే రాసింది. 'మిగిలిన మొత్తం ఆలస్యంగా కడుతున్నందుకు క్షమించగలరు. నా కూతురికి హాల్‌టికెట్ ఇప్పించ ప్రార్థన.' రాసి కాగితం తండ్రి వైపు తిప్పింది. నా వైపు తిప్పలేదు. అతను సంతకం పెట్టాడు.

నేను రిజిస్టరు తెరిచాను. తేదీ వేశాను. విషయం గడిలో 'బాకీ ఫీజు చెల్లింపు, క్షమాపణ' అని రాశాను. వెయ్యీ నూట ఎనభై ఆరో నంబరు. ముద్ర కొట్టి, అడక్కుండానే నకలు మీదా కొట్టి ఇచ్చాను. హాల్‌టికెట్ దానిమీద పెట్టాను. ఊర్మిళ హాల్‌టికెట్ ఒక్కటే తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

ధోండిబా మాత్రం వెళ్ళలేదు. నకలు అందుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో పట్టుకుని, ఒక్కొక్క అక్షరం పెదాలు కదుపుతూ చదివాడు. అంకెలు రెండుసార్లు చదివాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి వంగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"తాయి, మీరు చదువుకున్నవాళ్ళు, ఒకసారి సరిగ్గా చూడండి. ఇందులో ఎక్కడా తప్పు లేదు కదా?"

కాగితం తీసుకుని మొదటి నుంచీ చివరిదాకా చదివాను.

"లేదు దాదా" అన్నాను. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి."